ఆరంగుళాల గటర్

మామగారు తన సొంత ఇంటి గటర్ పని చిన్నల్లుడికి అప్పగించినప్పుడు పెద్దల్లుడు వర్క్‌షాపులో రేకు మడిచే యంత్రం దగ్గర ఉన్నాడు. ఆ మాట వీపు వెనక నుంచి వినిపించింది. చేతిలో రేకు సగం మడతలో ఉంది. మిగతా సగం మడిచి, అంచు వేలితో తడిమి చూసి, పక్కన పెట్టి, అప్పుడు వెనక్కి తిరిగాడు. అప్పటికి ముఖం సర్దుకుంది.

కప్పు చూరు వెంట వాననీళ్ళు పట్టే రేకు గటర్లు చేసి బిగించే ఆ చిన్న వర్క్‌షాపు మామగారిది. మగపిల్లలు లేరు, ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దల్లుడు పెళ్ళైన ఏడాదే అక్కడ చేరాడు. ఆ ఏడాదే మామగారి ఇంటి చూరుకు తన చేత్తో గటర్ కట్టాడు. యజమాని ఇంటికి ఎవరి చెయ్యి పడితే రేపు వర్క్‌షాపు వాళ్ళదేనని పనివాళ్ళ లెక్క. ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు. ఇన్నేళ్ళూ ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా పెద్దల్లుడు చెప్పులు విప్పుతూ ఒకసారి తలెత్తి చూరు చూసుకునేవాడు.

చిన్నల్లుడు వచ్చి ఎంతో కాలం కాలేదు. అంతకుముందు పైపుల దుకాణంలో అమ్మకాలు చూసేవాడు. యంత్రం మీద అతని చెయ్యి ఇంకా తిన్నగా పడదు. కానీ కొలతల్లో గట్టివాడు. ఎవరి కప్పైనా చూసి ఎంత గటర్ పడుతుందో, ఎన్ని పైపులు కావాలో అక్కడికక్కడే చెప్పేస్తాడు. రానురాను ఇళ్ళకు కొలతలకు వెళ్ళేటప్పుడు మామగారు అతన్నే వెంటబెట్టుకోసాగాడు. పెద్దల్లుడు యంత్రం దగ్గర మిగిలిపోయాడు. పొద్దున ఇద్దరూ బండెక్కి వెళ్తుంటే ఆ బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా అతని చెవులు దాని వెంటే పోయేవి.

ఈసారి పని అత్తగారి కోసం. ఆమె జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. అప్పటి నుంచి చక్రాల కుర్చీలోనే తిరుగుతోంది. మేడమీది గదికి వెళ్ళే దారి లేక నెలల తరబడి హాల్లోనే మంచం వేసుకుంది. వచ్చేపోయే వాళ్ళందరి ముందూ పడుకోవడం తన వల్ల కాదని ఒకటే సణుగుడు. అందుకని ఇంటి పెరటివైపు ఆమెకొక గది కట్టించారు. గది తలుపు ముందు మెట్లకు బదులు కుర్చీ దిగడానికి ఏటవాలు దారి కూడా వేశారు. కొత్త గది పాత ఇంటికి అడ్డంగా అతుక్కోవడంతో రెండు కప్పులూ ఒక మూలలో కలిశాయి. ఆ కలిసే చోట రెండు వాలుల నీళ్ళూ దిగే రేకుకాలువను పనివాళ్ళు వ్యాలీ అంటారు. ఆ వ్యాలీ చివర సరిగ్గా అత్తగారి తలుపు పక్క మూలకు వచ్చింది.

గోదాములూ షెడ్లూ చేసి బతికిన వర్క్‌షాపు అది. అవన్నీ తిన్నటి చూర్లు. వ్యాలీ ఉన్న ఇల్లు వాళ్ళ చేతికి రావడం అరుదు.

పాత గటర్‌ను విప్పే రోజు పెద్దల్లుడు వెళ్ళి తీరాడు. వెళ్ళకుండా ఉంటే బాగుండేదని తర్వాత అనుకున్నాడు. తను కట్టిన గటర్‌ను చిన్నల్లుడు ఎంతో మర్యాదగా, ఒక్క సొట్ట పడకుండా దించాడు. ఆ మర్యాద ఇంకా ఎక్కువ మండించింది. ఎత్తి కింద పారేసినా ఒక పేచీకి సందు దొరికేది.

కొత్తదానికి ఆరంగుళాల గటర్, రెండు చివర్లా రెండు నాలుగంగుళాల పైపులు అని చిన్నల్లుడు చెప్పాడు. పెద్దల్లుడు ఆగలేకపోయాడు. "ఆరు చాలదు. ఎనిమిది వెయ్యాలి" అన్నాడు. ఎందుకన్నాడో అతనికే సరిగ్గా తెలియదు. చిన్నల్లుడు పది అంటే పన్నెండు అని ఉండేవాడు.

చిన్నల్లుడు వాదించలేదు. సుద్దముక్క తీసుకుని గోడ మీదే లెక్క వేశాడు. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్ళు. ఆ చూరుకు దిగే కప్పు మొత్తం అరవై చదరపు మీటర్లు. కుండపోత అంటే గంటకు నూటయాభై మిల్లీమీటర్లు అనుకుంటే తొమ్మిది వేల లీటర్లు, నిమిషానికి నూటయాభై. మూల నుంచి గటర్ రెండు వైపులకూ వాలుతుంది గనుక రెండు పైపులూ పంచుకుంటాయి. ఎక్కువ మోసే పక్కకు సెకనుకు లీటరున్నరకు కాస్త పైన. వాలుగా ఉన్న ఆరంగుళాల గటర్ అంతకంటే ఎక్కువే మోస్తుంది. ఒకవేళ ఎప్పుడైనా నిండినా నీళ్ళు గోడలోకి పోకుండా బయటికే పొర్లేటట్టు ముందంచు వెనకంచు కంటే కిందికి ఉంచానని కూడా చెప్పాడు.

చక్రాల కుర్చీలో కూర్చుని వింటున్న అత్తగారు, "పెద్దాడా, ఎనిమిదంగుళాలది పెడితే అందులో నేను పడవ వేసుకోవాలి" అంది. అందరూ నవ్వారు. పెద్దల్లుడి భార్య కూడా నవ్వింది. మామగారు గోడమీది అంకెలు పై నుంచి కింది దాకా చూసి లెక్క సరిపోయిందన్నాడు. పెద్దల్లుడు కూడా నవ్వాడు. ఆ నవ్వు దవడల దగ్గర నొప్పి పెట్టింది.

మూలలో, వ్యాలీ కిందే ఇంకో పైపు దింపుదామా అని చిన్నల్లుడు ఒక మాట అన్నాడు. అత్తగారు ఒప్పుకోలేదు. తలుపు పక్క పైపు ఉంటే కుర్చీ తిరగదని ఆమె భయం. లెక్క ప్రకారం రెండు పైపులు చాలు గనుక అతను పట్టుబట్టలేదు.

గటర్ బిగించాక నీళ్ళ పరీక్ష పెట్టారు. అది ఆ వర్క్‌షాపు ఆనవాయితీ. నిమిషం వానకు ఎన్ని నీళ్ళు వస్తాయో అన్ని నీళ్ళు డ్రమ్ములో నింపి, పరంజా మీదికెత్తి, లావుపాటి గొట్టాన్ని గటర్ అడుగుకు ఆనించి నిమిషంలో వదిలేయాలి. చుక్క పొర్లకపోతే పని అయినట్టు. చిన్నల్లుడు మూల దగ్గరే గొట్టం పెట్టాడు. నీళ్ళు రెండుగా చీలి, రెండు వైపులా పాకి, పైపుల్లో గలగలమంటూ దిగాయి. పెద్దల్లుడు గటర్ పెదవినే చూస్తున్నాడు. ఎక్కడైనా ఒక్క చుక్క వేలాడకపోతుందా అని. ఏమీ వేలాడలేదు.

మిగతావాళ్ళంతా టీకి లోపలికి వెళ్ళారు, పెద్దల్లుడు పెరట్లోనే ఉండిపోయాడు. చిన్నల్లుడు నిచ్చెన దిగేముందు, కప్పు మీది సిమెంటు దుమ్ము పోవడానికి వ్యాలీ పైభాగాన రబ్బరు గొట్టంతో నీళ్ళు కొట్టి, గొట్టం చుట్టుకుంటూ అటు తిరిగాడు. ఆ నీళ్ళు నున్నటి రేకు మీద వేగం పుంజుకుని వచ్చాయి. వ్యాలీ రేకు కొస గటర్ ముందంచు దాకా పొడుచుకు వచ్చి ఉంది. నీళ్ళు ఆ కొస మీద నుంచి ఒక్క గెంతు గెంతి, గటర్‌ను తాకకుండానే దాటి, ఏటవాలు దారి మీద చప్‌మని పడ్డాయి. గటర్ ఖాళీగానే ఉంది.

చూసింది పెద్దల్లుడు ఒక్కడే. చూసిన క్షణంలోనే అంతా అర్థమైంది. గటర్‌లోకి వచ్చాక నీళ్ళను మోయడానికి ఆరంగుళాలు చాలు. రాకుండా దాటిపోయే నీళ్ళకు అంగుళాలతో పనేముంది? చూరు పొడవునా నీళ్ళు పరుచుకుని దిగుతాయి. వ్యాలీ దగ్గర మాత్రం పదమూడు చదరపు మీటర్ల కప్పు మీది వానంతా ఒకే కొస నుంచి పరుగున వచ్చి పడుతుంది. డ్రమ్ము నీళ్ళు ఆ పరుగు ఎత్తలేదు. తిన్నటి చూర్లకు పనికొచ్చిన పరీక్ష ఈ మూలను చూడనే లేదు.

చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. లోపల నుంచి అత్తగారి గొంతు వినిపించింది. చిన్నాడికి ముందు పొయ్యమని కూతురికి పురమాయిస్తోంది. ఒకసారి మాట్లాడి నవ్వులపాలైన నోరు అది. మూసుకుంది. తడిసిన దారి ఎండకు ఆరిపోయేదాకా అక్కడే నిలబడి, తర్వాత లోపలికి వెళ్ళాడు. టీ చల్లారిపోయింది. ఎవరూ వేడిచేసి ఇవ్వలేదన్నది కూడా మనసులో ఒక మూల పడేసుకున్నాడు.

అత్తగారు కొత్త గదిలోకి మారింది. వాన ఆలస్యం చేయలేదు. ఒక మధ్యాహ్నం రెండు కుటుంబాలూ అక్కడే ఉండగా మొదలైంది. మొదట మామూలుగానే కురిసింది. గటర్ నీళ్ళు చక్కగా తాగింది. మామగారు కిటికీలోంచి చూసి తృప్తిగా తలాడించాడు. తర్వాత ఒక్కసారిగా పట్టుకుంది. పెద్దల్లుడు మూలవైపే చూస్తున్నాడు. కొస నుంచి నీళ్ళు వంపు తిరిగి, మూరెడు మేర గాలిలోకి దూకి, ఏటవాలు దారి మీద విరుచుకుపడ్డాయి. దారి వాలు తలుపువైపు కాకపోయినా అంత ఎత్తు నుంచి పడ్డ నీళ్ళు చిమ్మి గడప దాటాయి. తలుపు వేసేలోగా మంచం కోళ్ళ దగ్గరికి చేరాయి. పరుపు అంచు తడిసింది. ఇద్దరు కూతుళ్ళూ తల్లి కుర్చీని చెరోవైపూ పట్టుకుని హాల్లోకి తోశారు. ఆమె హాల్లో, ఎప్పటి చోటనే, గోడకేసి కూర్చుంది. మళ్ళీ ఇక్కడేనా అన్నట్టు ఆ గోడనే చూస్తూ ఉంది.

మామగారు మోకాళ్ళ నొప్పులతో నిచ్చెనెక్కడం మానేసి చాలా కాలమైంది. కింద నుంచి చూసేవాళ్ళకు గటర్ నిండి పొర్లుతోందో, నీళ్ళు దాన్ని దాటి దూకుతున్నాయో తెలియదు. అంచు మీద నుంచి నీళ్ళు పడుతున్నాయి, అంతే. ఆయన తడుస్తూ నిలబడి పైకి చూశాడు. చిన్నల్లుడివైపు చూడనైనా చూడలేదు. పెద్దల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు.

"పెద్దాడా, నువ్వు ముందే చెప్పావు. మేమే వినలేదు. దాన్ని పీకేసి నీ ఎనిమిదంగుళాలది పెట్టు."

ఎంతో కాలానికి పడ్డ చెయ్యి అది. అది జారిపోకుండా పెద్దల్లుడు భుజం కదపలేదు. భార్య అతనివైపు చూసిన చూపు, పెళ్ళినాటి చూపు. చిన్నల్లుడు వానలోనే నిలబడి, గోడ మీద సగం చెరిగిన సుద్ద అంకెలను చూస్తున్నాడు.

మర్నాడు పెద్దల్లుడు యంత్రం దగ్గర ఎనిమిదంగుళాల గటర్ మడుస్తున్నాడు. చేతులు మడుస్తున్నాయి, బుద్ధి లెక్కలు వేస్తోంది. వెడల్పు రెండంగుళాలు పెరిగితే ఓ మోస్తరు వానకు పట్టుకుంటుందేమో, నిన్నటి వానకు మళ్ళీ దూకుతుంది. అప్పుడు ఆ పేరు తనది. కానీ దానికీ ఒక దారి కనిపించింది. గటర్ మారుస్తున్నప్పుడే పనిలో పనిగా వ్యాలీ కొసను వెనక్కి కత్తిరించాలి. మూలలో నిలువుగా ఒక అడ్డురేకు బిగించాలి. ఇక నీళ్ళు దూకవు. పైకెక్కి చూసేవాళ్ళు లేరు. ఎనిమిదంగుళాల వల్లే ఆగిందని అందరూ అనుకుంటారు. అత్తగారి గది పొడిగా ఉంటుంది. తన మాట నిలుస్తుంది. చిన్నల్లుడి లెక్క తప్పని జన్మంతా ఉండిపోతుంది. ఎవరికీ నష్టం లేదు. అలా అనుకున్నప్పుడు హాయిగా అనిపించింది. ఆ హాయే కొంచెం అనుమానంగానూ ఉంది.

చిన్నల్లుడు వచ్చాడు. పిలవకుండానే పొడవాటి రేకు రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఒక మడత వేశారు. తర్వాత అతనే చెప్పాడు. రాత్రంతా లెక్క తిరగవేశాడట. కప్పు మళ్ళీ కొలిచాడట. ఎక్కడ పొరపాటు పడ్డాడో అంతుచిక్కలేదట. ఇకమీదట కొలతలకు వెళ్ళనని, పాత దుకాణంలో అడిగితే మళ్ళీ రమ్మన్నారని, మామయ్యకు సాయంత్రం చెప్పేస్తానని అన్నాడు.

"వెళ్ళేముందు ఒక్కటి చెప్పు అన్నయ్యా. నీకు చూడగానే తెలిసిందిగా. నా లెక్కలో ఏ అంకె తప్పు?"

ఒక్క మాట చాలు. వాన అంత కాదు, ఇంకా ఎక్కువ పడుతుందని అంటే చాలు. వాడు నమ్మి వెళ్ళిపోతాడు. బండి చప్పుడు మళ్ళీ తనదవుతుంది. పెద్దల్లుడు నిజంగానే వెతికాడు. అరవై, నూటయాభై, తొమ్మిది వేలు. ఒక్కటీ చెడగొట్టడానికి లొంగలేదు. ఎదురుగా నిలబడ్డవాడి ముఖంలో దొంగతనం లేదు. తెలియనిది తెలుసుకుందామన్న ఆత్రం తప్ప ఏమీ లేదు. ఇన్నేళ్ళలో తను ఎవరినైనా అలా అడగగలిగాడా? అడగలేదు. మామగారిని కూడా. చివరికి ఆ అడగడం మీద కూడా అసూయ పుట్టింది. అది పుట్టాక ఇక మడత ముందుకు సాగలేదు.

"ఏ అంకె కూడా తప్పు కాదు," అన్నాడు. "రేకు దించు. ఇంటికి పద."

నిచ్చెన మీద ఇద్దరూ ఎక్కారు. పెద్దల్లుడు మగ్గుడు నీళ్ళు గటర్‌లో పోశాడు. చడీచప్పుడూ లేకుండా పోయాయి. ఇంకో మగ్గు వ్యాలీ పైభాగాన గుమ్మరించాడు. నీళ్ళు కొస నుంచి ఎగిరి కింద పడ్డాయి. చిన్నల్లుడు మగ్గు తీసుకుని తనే ఇంకోసారి పోశాడు. కొసను వేలితో తాకి, అక్కడి నుంచి గటర్ అంచు దాకా ఎంత దూరముందో చూశాడు. అతని ముఖంలో రక్తం తిరిగి వచ్చింది. పెద్దల్లుడు అది చూడలేక కింది పెరట్లోకి చూశాడు.

మామగారు కిందే నిలబడి ఉన్నాడు. మొదటి మగ్గు నీళ్ళు పైపులోకి దిగడం, తర్వాతివి గటర్‌ను దాటి పడడం రెండూ చూశాడు.

"గటర్ చిన్నది కాకపోతే నువ్వు ఎనిమిదంగుళాలది ఎందుకు మడుస్తున్నావు?" అని అడిగాడు.

"మీరు నన్ను అడిగారని."

"ఈ సంగతి ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పడానికి అది ఆఖరి అవకాశం. "పరీక్ష రోజే," అన్నాడు పెద్దల్లుడు.

మామగారు దారి మీద పడ్డ తడిని చూశాడు. హాలు కిటికీ తెరిచే ఉంది. లోపల అత్తగారి కుర్చీ చక్రం ఒకసారి కిర్రుమని ఆగింది. ఆమె విన్నదని అర్థమైంది. తిట్టి ఉంటే బాగుండేది. మామగారు ఆఖరికి ఒక్కటే అన్నాడు. కొలతలు ఇకపైనా చిన్నాడే చూస్తాడు. ఈ మూల మాత్రం పెద్దాడే చెయ్యాలి, తెలిసీ చెప్పకుండా తనే పాడుచేశాడు గనుక.

"పాడుచేసింది నేను కదా మామయ్యా," అని చిన్నల్లుడు అడ్డుపడబోయాడు. మామగారు వినిపించుకోలేదు.

రెండు రోజులు ఆ మూల పని పట్టింది. పెద్దల్లుడు వ్యాలీ కొసను వెనక్కి కత్తిరించి, నీళ్ళు గటర్ మధ్యలోనే పడేటట్టు చేశాడు. రెండు వైపులకూ మూర పొడవు రెక్కలతో, జానెడుకు తక్కువ ఎత్తున ఒక అడ్డురేకు మూలలో నిలిపాడు. అడ్డురేకు ఆపిన నీళ్ళు అక్కడే గుమిగూడకుండా మూలలో గటర్ కోసి చిన్న నీళ్ళపెట్టె అమర్చాడు. దాని కింద ఇంకో పైపు. కుర్చీకి అడ్డం రాకుండా ఆ పైపును రెండు వంపులతో గోడల లోమూలలోకి జరిపి దించి, నీళ్ళు దారి మీద కాక పెరటి కాలువలో పడేటట్టు తిప్పాడు. పైపు ఎప్పుడైనా ఆకులతో పూడితే నీళ్ళు గోడవైపు రాకుండా పెట్టె ముందు గోడకు పైన ఒక చీలిక కోశాడు. ఆ చీలిక ఆలోచన చిన్నల్లుడిది. బాగుందని పెద్దల్లుడు అనలేదు, కానీ కోశాడు. అత్తగారు కుర్చీని ముందుకూ వెనక్కూ తిప్పి చూసుకుని, తగలడం లేదని మాత్రం అంది. పెద్దాడా అని పిలవలేదు.

తర్వాతి వాన సాయంత్రం వచ్చింది. అందరూ ఆమె గదిలో చేరారు. కప్పు మీద చినుకులు చెవులు మూసేంతగా మోగాయి. వ్యాలీ నీళ్ళు పరుగున వచ్చి అడ్డురేకును కొట్టి, తెల్లగా నురగ కట్టి, పెట్టెలోకి కూలాయి. లోమూల పైపు గుర్రుమంది. ఏటవాలు దారి మీద వాన చినుకులే తప్ప ధార లేదు. గడప పొడిగా ఉంది. అత్తగారు మంచం మీద వాలి, చిన్నాడి గటర్ ఎంత చక్కగా పారుతోందో అంది. కింద నుంచి అడ్డురేకు కనిపించదు. పెద్దల్లుడి భార్య ఏదో అనబోయింది. అతను కళ్ళతోనే వద్దన్నాడు. వద్దన్నాక లోపల పాత మంట మళ్ళీ లేచింది. తగ్గిందనుకున్నది తగ్గలేదు.

వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. కాసేపటికి చిన్నల్లుడు వచ్చి పక్కన నిలబడ్డాడు. రేపు కొలతకు వెళ్ళే ఇంటికి రెండు వ్యాలీలున్నాయని, రెండూ దీనికంటే పొడవైనవని, వాటికి అడ్డురేకు రెక్కలు ఎంత దూరం పెట్టాలని అడిగాడు. రేపు పొద్దున బండిలో తనతో వస్తావా అని కూడా అడిగాడు. మామయ్యను అడిగితే నీ ఇష్టం అన్నాడట.

పెద్దల్లుడు వెంటనే చెప్పలేదు. పైపు చప్పుడు వింటున్నట్టు నిలబడి, వాడిని కాస్త ఎదురుచూడనిచ్చాడు. అంతవరకు తన హక్కు అనిపించింది.

"ముందు వ్యాలీ మీద నీళ్ళు పోసి చూద్దాం," అన్నాడు తర్వాత. "ఎంతదూరం దూకుతాయో చూడకుండా ఎలా చెప్తాం?"